మీ షేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి?



డీమ్యాట్ ఖాతా తెరవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ‘ఏ బ్రోకరు దగ్గర ఛార్జీలు తక్కువండీ?’ అడగాల్సిన మాటే. కాకపోతే దాన్ని రెండో ప్రశ్నగా అడగాలి. ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. నేను డబ్బు పెట్టి కొన్న షేరు ఎక్కడ ఉంటుంది? నాకు తెలియకుండా దాన్ని అక్కణ్ణుంచి కదిపే వీలు ఎవరికైనా ఉందా? ఈ సంగతి అర్థమైతే ఫారంలో ఏ గడికి టిక్కు పెట్టాలో, దేనికి పెట్టకూడదో దానంతట అదే తెలిసిపోతుంది. అందుకని ఇవాళ అక్కడినుంచి మొదలుపెట్టి ఛార్జీల దగ్గరికి వస్తాను.

మనం ‘డీమ్యాట్ తెరిచాను’ అని ఒక్క మాటలో అంటాం గానీ, నిజానికి తెరిచేది రెండు ఖాతాలు. ఒకటి ట్రేడింగ్ ఖాతా, రెండోది డీమ్యాట్ ఖాతా. గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకి దీన్ని చెప్పడం సులువు. రైతు బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ఉంటాయి, వాటి రసీదు రైతు పేరు మీదే ఉంటుంది. సరుకు అమ్మిపెట్టేది కమీషన్ ఏజెంటు. సరుకు ఏజెంటుది కాదు, స్టోరేజీ వాళ్లదీ కాదు. ట్రేడింగ్ ఖాతా ఆ ఏజెంటు దగ్గర మనకుండే పద్దు. ఎక్స్ఛేంజిలో కొనడం, అమ్మడం దాని ద్వారా జరుగుతాయి. డీమ్యాట్ ఖాతా ఆ స్టోరేజీ రసీదు.

మన దేశంలో షేర్లకు ఆ స్టోరేజీ పని చేసే డిపాజిటరీలు రెండే. 1996లో మొదలైన ఎన్ఎస్‌డీఎల్ ఒకటి, 1999లో మొదలైన సీడీఎస్ఎల్ మరొకటి. మనం నేరుగా వాటి దగ్గరికి వెళ్లి ఖాతా తెరవలేం. మధ్యలో డిపాజిటరీ పార్టిసిపెంటు అని ఒకరు ఉంటారు, వాడుకలో డీపీ అంటాం. బ్యాంకులు కావచ్చు, బ్రోకర్లు కావచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. చాలామంది విషయంలో బ్రోకరూ డీపీ ఒకే సంస్థ. ఒకే యాప్‌లో కొంటాం, ఒకే యాప్‌లో చూసుకుంటాం. దాంతో మన షేర్లు ఆ కంపెనీ దగ్గరే ఉన్నాయన్న భావన వచ్చేస్తుంది. లేవు. అవి డిపాజిటరీలో, మన పేరున, మన పాన్ కింద ఉంటాయి. ఉండాలి కూడా.

‘ఉండాలి’ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఒకసారి అలా లేని రోజు మన హైదరాబాద్‌లోనే వచ్చింది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ పేరు మీరు వినే ఉంటారు. తెలుగు జిల్లాల్లో ఇంటింటికీ తెలిసిన పేరు. ఖాతా తెరిచేటప్పుడు కస్టమర్లు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని ఆసరా చేసుకుని, వాళ్ల షేర్లను ఆ సంస్థ తన సొంత డీమ్యాట్ ఖాతాలోకి మళ్లించుకుంది. వాటిని తాకట్టు పెట్టి బ్యాంకుల దగ్గర, ఫైనాన్స్ కంపెనీల దగ్గర అప్పులు తెచ్చింది. 2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వు ఇచ్చి, కొత్త కస్టమర్లను చేర్చుకోకుండా ఆ సంస్థను ఆపింది. ఆ పవర్ ఆఫ్ అటార్నీ వాడకుండా కట్టడి చేసింది. సుమారు 95 వేలమంది ఖాతాదారులకు చెందిన, దాదాపు 2,300 కోట్ల రూపాయల విలువైన షేర్ల వ్యవహారం అది. డిసెంబరు మొదట్లో ఎన్ఎస్‌డీఎల్ ఎక్కువమందికి షేర్లు తిరిగి జమచేసింది. అప్పులిచ్చిన సంస్థలు మాత్రం ఆ తాకట్టు మాదంటూ న్యాయపోరాటానికి దిగాయి.

ఇందులో మనకు కావలసిన పాఠం చాలా చిన్నది. బ్రోకరు చూపించే తెర మీద షేర్లు కనిపించడం ఒకటి, డిపాజిటరీ పుస్తకంలో అవి మన పేరున ఉండడం మరొకటి. మొదటిది బ్రోకరు రాసుకునే లెక్క. దాన్ని చూసి నిశ్చింతగా ఉండడం, నా షేర్లు ఉన్నాయా అని బ్రోకరునే అడిగి ఉన్నాయని చెప్పించుకోవడంతో సమానం.

ఆ తర్వాత నిబంధనలు బాగా బిగిశాయి. 2020 నుంచి మార్జిన్ కోసం షేర్లు తాకట్టు పెట్టినా అవి మన ఖాతాలోనే ఉంటాయి, వాటి మీద తాకట్టు గుర్తు మాత్రమే పడుతుంది. కొన్న షేర్లు బ్రోకరు ఖాతాలో మజిలీ చేయకుండా నేరుగా మన డీమ్యాట్‌లోకి వచ్చే పద్ధతి కూడా వచ్చింది. పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022 నవంబరు నుంచి డీడీపీఐ అనే పరిమిత అనుమతి పత్రం వచ్చింది. దీని సంగతి కాసేపట్లో చెబుతాను, ఎందుకంటే ఫారం నింపేటప్పుడు మీరు ఆగి ఆలోచించాల్సిన గడి అదే.

ఇక ఖాతా తెరుద్దాం. హనుమకొండలో టైలరింగు షాపు నడుపుకునే ఒకావిడ ఉందనుకుందాం. నెలకు కొంత మిగులుతోంది. పది వేల రూపాయలతో ఒక కంపెనీ షేర్లు కొని పెట్టుకోవాలనుకుంది. ఆవిడ మొదటి పని యాప్ దింపుకోవడం కాదు, బ్రోకరు నిజంగా ఉన్నాడో లేడో చూడడం. ప్రతి బ్రోకరుకూ సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అది INZ అనే మూడక్షరాలతో మొదలవుతుంది. బ్రోకరు తన వెబ్‌సైటు అడుగున ఆ నంబరు రాసుకుంటాడు. కానీ నకిలీవాడూ రాసుకోగలడు కదా! కాబట్టి ఆ నంబరు పట్టుకుని సెబీ వెబ్‌సైటులోని రిజిస్టర్డు సంస్థల జాబితాలో వెతకాలి. జాబితాలో ఉన్న కంపెనీ పేరు, వెబ్‌సైటు చిరునామా, మన ముందున్నవాటితో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈమధ్య జరుగుతున్న మోసాల్లో చాలావరకు పేరున్న బ్రోకర్ల ముసుగులోనే జరుగుతున్నాయి. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక గ్రూపులో చేరుస్తారు. ఓ లింకు పంపి దాంట్లోంచి యాప్ వేసుకోమంటారు. డబ్బు వేస్తే తెరమీద రోజురోజుకీ లాభం పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. ఆ యాప్ వెనుక ఎక్స్ఛేంజీ లేదు, డిపాజిటరీ లేదు, ఉన్నది అంకెలు గీసిన తెర మాత్రమే. దీన్ని పట్టుకునే సులువైన గుర్తు, డబ్బు ఎవరి ఖాతాకు పంపమంటున్నారు అన్నది. ఒకసారి ఒక వ్యక్తి పేరు మీదున్న ఖాతా, ఇంకోసారి ఏదో ట్రేడర్స్ పేరుతో ఉన్న ఖాతా ఇస్తున్నారంటే అక్కడితో ఆపేయాలి. 2025 అక్టోబరు నుంచి సెబీ ఇంకో ఏర్పాటు కూడా చేసింది. రిజిస్టరైన బ్రోకర్లకు ప్రత్యేకమైన యూపీఐ ఐడీలు ఇచ్చింది. వాటిలో బ్రోకరు పేరు తర్వాత .brk అనీ, @ గుర్తు తర్వాత valid అనీ, దాని వెంటే బ్యాంకు పేరూ ఉంటాయి. యూపీఐ ఐడీ గానీ, బ్యాంకు ఖాతా నంబరు గానీ నిజమైనదేనా అని చూసుకోవడానికి ‘సెబీ చెక్’ అనే సదుపాయం కూడా ఉంది. ఇప్పటికే మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

బ్రోకరు నిజమైనవాడే అని తేలింది. ఇప్పుడు కాగితాలు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఆధార్‌కు జతచేసిన మొబైల్ నంబరు, తెల్లకాగితం మీద సంతకం. అంతకుమించి పెద్దగా ఏమీ అడగరు. కానీ మన తెలుగువాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఎక్కడ ఆగిపోతాయో తెలుసా? ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోయి ఉంటుంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకైతే ఒక కాగితంలో పుట్టింటి పేరు, మరో కాగితంలో అత్తింటి పేరు. బ్రోకరు మన బ్యాంకు ఖాతాలోకి ఒక రూపాయి పంపి, అక్కడ నమోదైన పేరును పాన్ మీది పేరుతో పోల్చి చూస్తాడు. రెండూ మరీ దూరంగా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. అందుకని ముందే మూడూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. మార్చాల్సి వస్తే పాన్, ఆధార్ ఒకేలా ఉండేట్టు సరిచేయించుకుని, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లండి. పాన్, ఆధార్ అనుసంధానం అయి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

పేర్లకన్నా ముఖ్యమైనది మొబైల్ నంబరు, ఈమెయిలు. చిన్న ఊళ్లలో బ్రోకరు తరఫున పనిచేసే ఏజెంటు ఇంటికే వచ్చి ఖాతా తెరిపిస్తాడు. ‘మీకు మెయిలు లేదా అమ్మా, పర్లేదు, నాది వేసేస్తా’ అంటాడు. పాపం, చాలాసార్లు సాయం చేద్దామనే అంటాడు. ఒప్పుకోవద్దు. ఓటీపీలు, ఎక్స్ఛేంజీ పంపే సందేశాలు, డిపాజిటరీ పంపే నెలవారీ పట్టిక, ఇవన్నీ ఆ రెండింటికే వస్తాయి. అవి ఏజెంటువైతే మన ఖాతాలో ఏం జరిగిందో మనకన్నా ముందు ఆయనకు తెలుస్తుంది, అసలు మనకు తెలియకుండానే పోవచ్చు కూడా. మన టైలరమ్మకు మెయిలు లేకపోతే కొత్తది తెరుచుకోవాలి. పాస్‌వర్డు కొడుక్కు చెప్పినా ఫరవాలేదు, మెయిలు మాత్రం ఆమెదే అయి ఉండాలి.

తర్వాత ఏయే విభాగాల్లో వ్యాపారం చేస్తారని ఫారం అడుగుతుంది. ఈక్విటీ, మ్యూచువల్ ఫండ్లు, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, కరెన్సీ, కమోడిటీ. కొన్ని యాప్‌లలో అన్నిటికీ ముందే టిక్కు పెట్టి ఉంటుంది. షేర్లు కొని దాచుకునేవాళ్లకు ఈక్విటీ ఒక్కటే చాలు. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ కావాలంటే ఆదాయ రుజువు అడుగుతారు. లేని ఆదాయం చూపించి మరీ దాన్ని తెరిపించుకునేవాళ్లు ఉన్నారు. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, మూడేళ్ల కాలంలో ఆ విభాగంలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటు నష్టం మనిషికి దాదాపు 2 లక్షల రూపాయలు. ఆ టిక్కు తీసేయండి. కావాలనుకుంటే తర్వాతెప్పుడైనా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు డీడీపీఐ. అమ్మే రోజున షేర్లు మన డీమ్యాట్‌నుంచి బయటికి వెళ్లాలి కదా, దానికి ఎవరో ఒకరు అనుమతి ఇవ్వాలి. రెండు దారులున్నాయి. ఒకటి, అమ్మే ప్రతిసారీ మనమే ఇవ్వడం. సీడీఎస్ఎల్ ఖాతా అయితే మనకు ఒక టీపిన్ ఉంటుంది. అది కొడితే డిపాజిటరీ నుంచి ఓటీపీ వస్తుంది, దాన్ని నమోదు చేస్తే షేర్లు కదులుతాయి. ఎన్ఎస్‌డీఎల్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. రెండోది, డీడీపీఐ మీద ఒకేసారి సంతకం పెట్టి, మనం అమ్మినప్పుడల్లా షేర్లు ఇచ్చేసే అనుమతి బ్రోకరుకు రాసిచ్చేయడం. పాత పవర్ ఆఫ్ అటార్నీ అంత విశాలమైంది కాదిది. అమ్మకాల డెలివరీ, మార్జిన్ కోసం తాకట్టు, మ్యూచువల్ ఫండ్ల లావాదేవీలు, ఓపెన్ ఆఫర్‌లో షేర్లు ఇవ్వడం, ఈ పనులకే పరిమితం. అయినా ఇది తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే ఖాతా తెరవం అని ఎవరూ అనకూడదు.

నా అభిప్రాయం చెప్పమంటే, ఏడాదికి నాలుగైదు సార్లు అమ్మేవాళ్లకు డీడీపీఐ అక్కర్లేదు. ప్రతిసారీ ఓటీపీ కొట్టడం ఓ నిమిషం పని. పైగా డీడీపీఐకి స్టాంపు ఖర్చుల కింద కొన్ని సంస్థలు వంద రూపాయలో, ఇంకాస్తో తీసుకుంటాయి. ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. మార్కెట్టు హడావిడిగా ఉన్న రోజుల్లో ఓటీపీ రావడం ఆలస్యం కావచ్చు. రోజూ అమ్మి కొనేవాళ్లకు అది నష్టమే. మన టైలరమ్మకు కాదు.

నామినీ పేరు మరిచిపోవద్దు. ‘తర్వాత చూద్దాం’ అనే బొత్తాం నొక్కేస్తే, తర్వాత అన్నది వారసత్వ ధ్రువపత్రాల కోసం పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరిగే రోజున గుర్తొస్తుంది. చివరగా కెమెరా ముందు ముఖం చూపించి, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేస్తే దరఖాస్తు పూర్తయినట్టే. తనిఖీలన్నీ ముగిశాక ఒక మెయిలు వస్తుంది. అందులో ట్రేడింగు కోడ్, పదహారు స్థానాల డీమ్యాట్ నంబరు ఉంటాయి. ఆ నంబరు IN అనే అక్షరాలతో మొదలైతే మన షేర్లు ఎన్ఎస్‌డీఎల్‌లో ఉంటాయి, పదహారూ అంకెలే అయితే సీడీఎస్ఎల్‌లో. ఆ మెయిలు దాచుకోండి.

సరే, ఛార్జీలు. వీటిని రెండు కుప్పలుగా విడదీసుకుంటే సగం గందరగోళం పోతుంది. ప్రభుత్వం, ఎక్స్ఛేంజీ, సెబీ తీసుకునేవి ఒక కుప్ప. ఏ బ్రోకరు దగ్గరికి వెళ్లినా ఇవి మారవు, వీటి గురించి బేరం లేదు. బ్రోకరు తీసుకునేవి రెండో కుప్ప. పోల్చుకోవాల్సింది దీన్నే.

టైలరమ్మ 500 రూపాయల షేర్లు 20 కొంది. పది వేల రూపాయలు. డెలివరీ కొనుగోలు మీద ఎస్‌టీటీ, అంటే లావాదేవీ పన్ను, 0.1 శాతం. అంటే 10 రూపాయలు. స్టాంపు డ్యూటీ రూపాయిన్నర. ఎక్స్ఛేంజీ రుసుము లక్షకు సుమారు 3 రూపాయల లెక్కన 30 పైసలు. సెబీ రుసుము ఒక పైసా. ఈ చిన్న రుసుముల మీద జీఎస్టీ మరికొన్ని పైసలు. అన్నీ కలిపి 12 రూపాయలు. కొన్నాళ్లకు అవే షేర్లు 550 చొప్పున అమ్మింది, 11 వేలు వచ్చాయి. అమ్మినప్పుడూ ఎస్‌టీటీ 0.1 శాతమే, 11 రూపాయలు. మిగతా రుసుములు అర్ధ రూపాయి లోపు. స్టాంపు డ్యూటీ అమ్మేటప్పుడు ఉండదు. ఇంతవరకూ మొదటి కుప్ప. వెయ్యి రూపాయల లాభానికి రానూపోనూ 24 రూపాయలు కూడా దాటలేదు.

అమ్మిన రోజు ఇంకొకటి పడుతుంది, డీపీ ఛార్జీ. షేర్లు డీమ్యాట్‌నుంచి బయటికి పంపినందుకు తీసుకునేది. ఇది శాతం కాదు, ఒక కంపెనీ షేర్లకు రోజుకింత అని. బ్రోకరును బట్టి మారుతుంది. 15 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే 17 రూపాయల 70 పైసలు. ఇందులో డిపాజిటరీకి చేరేది కొద్దిపాటి రూపాయలే, మిగిలింది బ్రోకరు జేబులోకి. కాంట్రాక్ట్ నోట్‌లో ఇది కనిపించదు, లెడ్జర్‌లో విడిగా పడుతుంది. ‘లెక్క సరిపోయిందే, మరి 17 రూపాయలు తక్కువెందుకొచ్చాయి’ అని కొత్తవాళ్లు బుర్ర గోక్కునేది దీని దగ్గరే.

దీని స్వభావం తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. ఇరవై షేర్లూ ఒకే రోజు అమ్మితే 17 రూపాయల 70 పైసలు. ఒకే రోజు నాలుగు విడతలుగా అమ్మినా అంతే. కానీ రోజుకు ఐదు చొప్పున నాలుగు రోజులు అమ్మితే 70 రూపాయలు దాటుతుంది. వంద రూపాయల షేరు ఒక్కటి అమ్మితే అందులో 17 రూపాయలకు పైగా దీనికే పోతాయి. కొన్న రోజే అమ్మేస్తే షేరు డీమ్యాట్‌లోకి రానే రాదు గనక ఈ ఛార్జీ ఉండదు. ఆ ఒక్క కారణంతో రోజువారీ ట్రేడింగుకు దిగమని మాత్రం నేను చెప్పడం లేదు.

ఇప్పుడు బ్రోకరేజీ. డెలివరీకి బ్రోకరేజీ తీసుకోని బ్రోకరు దగ్గరైతే టైలరమ్మ మొత్తం ఖర్చు, డీపీ ఛార్జీతో కలిపి, 41 రూపాయలు. ఆర్డరుకు 20 రూపాయలు తీసుకునేవాళ్ల దగ్గర జీఎస్టీతో మరో 47 కలిసి 88 అవుతుంది. అర శాతం తీసుకునే పాతకాలపు పద్ధతిలో 165. పదివేల మీద ఇది తట్టుకోగలిగిన తేడాయే. కానీ ఆవిడ నెలకు 500 రూపాయల చొప్పున ఒక్కో షేరే కొంటానందనుకోండి. ఆర్డరుకు 20 రూపాయలంటే జీఎస్టీతో 23 రూపాయల 60 పైసలు. కొన్న క్షణానే దాదాపు ఐదు శాతం కరిగిపోయింది. అక్కడ అర శాతంవాడే నయం, కనీస బ్రోకరేజీ అని ఇంకో మెలిక పెట్టకపోతే. అందుకే ‘ఇరవై రూపాయలే’ అన్న ప్రకటన చూసినప్పుడు, దేనిమీద ఇరవై అని లెక్క వేసుకోవాలి.

ఆ తర్వాత వార్షిక నిర్వహణ రుసుము, ఏఎంసీ. కొన్నా కొనకపోయినా పడేది ఇదే. ఏడాదికి 300 అంటే జీఎస్టీతో 354 రూపాయలు. దీన్ని తప్పించుకునే దారి సెబీయే ఇచ్చింది. బీఎస్‌డీఏ అనే ప్రాథమిక డీమ్యాట్ ఖాతా ఉంది. 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఖాతాలో ఉన్న షేర్ల విలువ 4 లక్షలు దాటనంతవరకు ఏఎంసీ సున్నా. 4 నుంచి 10 లక్షల మధ్య ఏడాదికి 100 రూపాయలు. అర్హత ఉన్నవాళ్లకు, వద్దని వాళ్లే రాసివ్వకపోతే, ఈ ఖాతానే తెరవాలని సెబీ చెప్పింది. షరతు ఒక్కటే ముఖ్యం. ఆ పాన్ మీద, మొదటి ఖాతాదారుగా, రెండు డిపాజిటరీల్లో కలిపి ఇదొక్కటే డీమ్యాట్ ఖాతా అయి ఉండాలి. ఉచితం కదా అని నాలుగు యాప్‌లలో నాలుగు ఖాతాలు తెరిచినవాళ్లు ఈ సదుపాయం చేజేతులా పోగొట్టుకున్నట్టే.

పాత ఖాతాలతో ఇంకో తంటా ఉంది. తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఏటా ఏఎంసీ పడుతూనే ఉంటుంది, లెడ్జర్ మైనస్‌లోకి పోతుంది, కొందరు ఆ మైనస్ మీద వడ్డీ కూడా వేస్తారు. కొన్నేళ్ల తర్వాత బాకీ కట్టమని సందేశం వస్తుంది. అలాంటివి ఉంటే బాకీ తీర్చి మూసేయండి. అందులోని షేర్లన్నీ మీ పేరునే ఉన్న మరో డీమ్యాట్‌కు మార్చుకుని ఖాతా మూస్తున్నప్పుడు బదిలీకి రుసుము తీసుకోకూడదన్నది నియమం.

ఇంకొక్క హెచ్చరిక చేసి ఛార్జీలు ముగిస్తాను. కొనే తెర మీద డెలివరీ అనే బొత్తాం పక్కనే ఎంటీఎఫ్ అని ఇంకొకటి ఉంటుంది. ‘పది వేలతో నలభై వేల షేర్లు కొనండి’ అంటూ ఊరిస్తుంది. అది అప్పు. మిగతా సొమ్ము బ్రోకరు ఇస్తాడు, దాని మీద రోజువారీ వడ్డీ వేస్తాడు, షేర్లను తాకట్టులో ఉంచుకుంటాడు. ధర పడితే అదనంగా డబ్బు కట్టమంటాడు, కట్టకపోతే అమ్మేస్తాడు. మొదటి ఏడాది ఆ బొత్తాం జోలికి పోకండి.

టైలరమ్మ షేర్లు కొంది. ఆ రోజే ఎక్స్ఛేంజీ నుంచి సందేశం వస్తుంది, బ్రోకరు నుంచి కాంట్రాక్ట్ నోట్ మెయిలుకు వస్తుంది. అది సాధారణంగా పాన్ నంబరు పెద్దక్షరాల్లో కొడితే తెరుచుకుంటుంది. ఎన్ని షేర్లు, ఏ ధర, బ్రోకరేజీ ఎంత అన్న మూడూ చూస్తే చాలు. మన మార్కెట్టులో ఇప్పుడు కొన్న మర్నాటి పనిదినానికే సెటిల్‌మెంటు జరిగిపోతుంది. కాబట్టి మంగళవారం కొంటే బుధవారం రాత్రికి షేర్లు డీమ్యాట్‌లో కనిపించాలి. అది చూడవలసింది బ్రోకరు యాప్‌లో కాదు. సీడీఎస్ఎల్ వాళ్ల ఈజీ, ఎన్ఎస్‌డీఎల్ వాళ్ల ఐడియాస్ అనే సేవల్లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. బ్రోకరుతో ప్రమేయం లేకుండా డిపాజిటరీ పుస్తకాన్ని నేరుగా చూపించేవి అవే. అక్కడ 20 షేర్లు ఉన్నాయా? వాటి పక్కన తాకట్టు గుర్తు ఏదైనా ఉందా? తాను పెట్టని తాకట్టు కనిపించినా, 20కి బదులు వేరే అంకె కనిపించినా అది అడగాల్సిన విషయమే. వీటికి తోడు లావాదేవీ జరిగిన నెలల్లో డిపాజిటరీ నుంచి ఏకీకృత పట్టిక మెయిలుకు వస్తుంది. దాన్ని తెరవకుండా వదిలేసేవాళ్లే ఎక్కువమంది.

తేడా కనిపిస్తే ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా బ్రోకరుకు మెయిలు పెట్టండి, తేదీ వేసి, కాంట్రాక్ట్ నోట్ జతచేసి. సరైన జవాబు రాకపోతే సెబీ వాళ్ల స్కోర్స్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ 21 రోజుల్లో సంస్థ సమాధానం చెప్పాలి. దానితోనూ తేలకపోతే స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ మధ్యవర్తిత్వ వేదిక ఉంది. ఇవన్నీ ఎలా చేయాలో తెలియకపోతే సెబీ టోల్ ఫ్రీ నంబరు 1800 22 7575కి ఫోన్ చేయండి. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: 1800 22 7575. ఫోన్ చేసేటప్పుడు ఆ పదహారు స్థానాల డీమ్యాట్ నంబరు చేతిలో ఉంచుకోండి.